తగ్గడమా, తగ్గించడమా?

2021లో ఇండొనేసియా అధ్యక్షుడు 72వ నంబరు ఉత్తర్వు ఒకటి జారీ చేశారు. దాని శీర్షికలో అసలు మాటలు మూడే: పెర్చెపతన్ పెనురునన్ స్టంటింగ్. చివరిది ఇంగ్లిషు మాట. తిండిలో సత్తువ చాలక, పదేపదే జబ్బుపడి, పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు పెరగకుండా గిడసబారిపోవడం అని అర్థం. మొదటి మాటకు ‘వేగం పెంచడం’ అని సరిపెట్టుకోవచ్చు. నడిమి మాట దగ్గరే తెలుగు అనువాదకుడి కలం ఆగిపోతుంది. ‘పెనురునన్’ అంటే తగ్గుదలా, తగ్గింపా?

తెలుగులో ఈ రెండూ ఒకటి కావు. జ్వరం తగ్గుతుంది, మాత్ర జ్వరాన్ని తగ్గిస్తుంది. ధర పెరుగుతుంది, కొట్టువాడు పెంచుతాడు. మారడం, మార్చడం; జరగడం, జరపడం; తెగడం, తెంచడం. తనంతట తాను అయ్యేదానికి ఒక క్రియ, ఎవరో పూనుకుని చేసేదానికి ఇంకో క్రియ. తెలుగు మాట్లాడేవాళ్లకు ఈ తేడా పాలతో పాటే వస్తుంది కాబట్టి అదొక వ్యాకరణ విషయమన్న స్పృహ కూడా ఉండదు. ఇండొనేసియా భాషలోనూ క్రియగా ఉన్నంతసేపు తేడా స్పష్టంగానే ఉంటుంది. ‘తురున్’ అంటే దిగు, తగ్గు. ‘మెనురున్‌కన్’ అంటే దించు, తగ్గించు. కానీ దాన్ని నామవాచకం చెయ్యగానే చివరున్న ‘కన్’ రాలిపోతుంది. మిగిలిన ‘పెనురునన్’ తగ్గడాన్నీ చెబుతుంది, తగ్గించడాన్నీ చెబుతుంది. ఎవరు చేశారన్నది ఆ మాటలోంచి జారిపోతుంది.

ఒక్క మాటతో ఇంత గొడవా అనిపించవచ్చు. ఇండొనేసియా ఆరోగ్యశాఖ సర్వేల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు 2021లో 24.4 శాతం, 2022లో 21.6 శాతం. 2024కల్లా 14 శాతానికి దించాలన్నది ఆ ఉత్తర్వు పెట్టుకున్న లక్ష్యం. ఈ రెండు సంగతులనూ ప్రభుత్వ పత్రం ‘పెనురునన్’ అన్న ఒకే మాటతో చెప్పగలదు. తెలుగులో అలా కుదరదు. 24.4 నుంచి 21.6కు వచ్చింది తగ్గుదల, ఎందుకు తగ్గిందో సర్వే అంకె చెప్పదు. 14కు తేవాలన్నది తగ్గింపు, అది సర్కారు నెత్తికెత్తుకున్న పని. మొదటిచోట ‘తగ్గించారు’ అని రాస్తే, మూలం ఇవ్వని ఘనతను అనువాదకుడు ఆ ప్రభుత్వానికి కట్టబెట్టినట్టే. రెండోచోట ‘తగ్గుదల’ అని రాస్తే, ఆ ప్రభుత్వం తీసుకున్న బాధ్యతను తన చేత్తో మాఫీ చేసినట్టే.

సాధారణంగా అనువాదకుడి బల్ల మీద ఇంగ్లిషు ప్రతి కూడా ఒకటి ఉంటుంది. ఈ సందేహానికి అది అక్కరకు రాదు. అందులో ‘రిడక్షన్’ అని ఉంటుంది, దానికీ ఇదే జబ్బు.

ఇండొనేసియా అధికార భాషలో ఇలాంటి నామవాచకాలు పుంఖానుపుంఖాలు. వాటిని తయారుచేసే అచ్చులు ముఖ్యంగా మూడు. ముందు ‘పె’ చేర్చి వెనక ‘అన్’ తగిలిస్తే చేసే పనికి పేరు వస్తుంది. ‘పెర్–అన్’ అచ్చు ఎక్కువగా దానంతట అది అయ్యేదాన్ని చెబుతుంది. ‘కె–అన్’ స్థితిని చెబుతుంది. ‘సతు’ అంటే ఒకటి. దాన్నుంచి పెన్యతువన్ (కలపడం), పెర్సతువన్ (కలిసి ఉండడం), కెసతువన్ (ఒక్కటిగా ఉన్న స్థితి) మూడూ పుడతాయి. వాళ్ల పంచశీలలో మూడో సూత్రం ‘పెర్సతువన్ ఇండొనేసియా’, దేశానికి రాజ్యాంగం చెప్పే రూపం మాత్రం ‘కెసతువన్’. తెలుగు పత్రికలు రెంటినీ ‘ఐక్యత’ అనేసి ముందుకు పోతాయి. అంటే ఆ భాషకు తేడాలు చూపే శక్తి లేక కాదు. పెనురునన్, పెనింగ్‌కతన్ (పెంపు లేదా పెరుగుదల) వంటి కొన్ని మాటలు మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెడతాయి. విధాన పత్రాలకు ఆ మాటలంటేనే మహా ఇష్టం.

ఇక ఈ నామవాచకాలు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా తగులుకుంటే ఏమవుతుందో ఒక వాక్యంలో చూడాలి. ఇది ఫలానా పత్రంలోది కాదు. ఆ కాగితాల్లో పేజీకొకటి కనబడే వరసను చూపించడానికి ఇక్కడ కట్టింది:

‘దలమ్ రంగ్‌క పెర్చెపతన్ పెనురునన్ స్టంటింగ్, పెర్లు దిలకుకన్ ఉపాయ పెనింగ్‌కతన్ కువలితస్ పెలక్సనాన్ పెమంతావన్ పెర్తుంబుహన్ బలిత ది పోస్యాందు, యంగ్ హసిల్‌న్యా దిలపోర్‌కన్ సెచర బెర్‌కల దన్ దిగునకన్ సెబగై బహన్ పెర్తింబాంగన్ దలమ్ పెన్యుసునన్ పెరెంచనాన్ దన్ పెంగంగ్గరన్ దేస.’

నిఘంటువు పక్కన పెట్టుకుని మాటకు మాట దించితే ఇలా వస్తుంది: ‘గిడసబారుట తగ్గింపు వేగవంతపు చట్రంలో, పోస్యాందులో ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదల పరిశీలన అమలు నాణ్యత పెంపు ప్రయత్నం చేయబడవలసిన అవసరం కలదు, దీని ఫలితాలు క్రమానుసారం నివేదించబడి, గ్రామ ప్రణాళిక మరియు బడ్జెట్ రూపకల్పనలో పరిశీలనాంశముగా ఉపయోగించబడును.’

ఇందులో ఒక్క మాటకూ అర్థం తప్పలేదు. అయినా చదివినవాడికి ఏమీ మిగలదు. ‘పిల్లల ఎదుగుదల పరిశీలన అమలు నాణ్యత పెంపు ప్రయత్నం’ అన్న చోట ఏడు నామవాచకాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ఈ అవస్థకు కారణం పదక్రమం. ఇండొనేసియా భాషలో ప్రధానమైన మాట ముందొస్తుంది, దాన్ని వివరించేవి వెనక వస్తాయి. ‘ప్రయత్నం’ అని మొదట వింటారు, దేని కోసమో తరవాత ఒక్కొక్కటిగా తెలుస్తూ పోతుంది. చదివేవాడు ఎక్కడ ఆగినా చేతిలో ఏదో ఒక అర్థం ఉంటుంది. తెలుగులో సరిగ్గా తలకిందులు. వివరణలన్నీ ముందొచ్చి పడతాయి, అసలు మాట చివర్న దొరుకుతుంది. అందాకా పాఠకుడు పిల్లల్నీ ఎదుగుదలనీ పరిశీలననీ అమలునీ నాణ్యతనీ చంకన వేసుకుని నడవాలి. పైగా తెలుగులో ఇలా పేర్చినప్పుడు మధ్యనుండే ‘ను’, ‘కు’, ‘పై’ లాంటి విభక్తులు ఎగిరిపోతాయి. ఏది ఎవరికి చెందిందో చెప్పేవి అవే కదా.

కాబట్టి గొలుసును తోక దగ్గర పట్టుకోవాలి. చివర ఏముంది? ‘బలిత’. ఐదేళ్లలోపు అన్న మూడు మాటల్ని కుదించి చేసిన పొట్టిమాట అది. వాళ్లు ఏం చేస్తారు? పెరుగుతారు: పెర్తుంబుహన్. ఇది ‘పెర్’ అచ్చు కాబట్టి తనంతట తాను జరిగేది, ఇక్కడ చిక్కేమీ లేదు. ఆ పెరగడాన్ని ఎవరో గమనిస్తారు: పెమంతావన్. ఇది చేసే పని, దీనికి మనిషి కావాలి. తరవాతి పెట్టె పెలక్సనాన్, అమలు. గమనించడం, గమనించడాన్ని అమలు చేయడం వేరువేరు పనులా? కావు. ఈ పెట్టె ఖాళీ. దాని ముందున్న నాణ్యత, పెంపు కలిసి చెప్పేది ‘ఇప్పటికన్నా మెరుగ్గా’ అన్న ఒక్క ముక్క. అన్నిటికీ ముందున్న ‘ఉపాయ’ మనకు చుట్టమే, సంస్కృతం నుంచి వెళ్లిందే. కానీ అక్కడ దానికి యుక్తి అన్న అర్థం లేదు, ఉత్త ప్రయత్నం. ‘ప్రయత్నం చేయాలి’ అన్నా ‘చేయాలి’ అన్నా ఇలాంటి వాక్యంలో ఒకటే. అదీ ఖాళీ పెట్టే.

చుట్టాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ‘దేస’ కూడా మనదే, అక్కడ దాని అర్థం పల్లెటూరు. ‘నెగర’ మన నగరమే, అక్కడ దానర్థం దేశం, రాజ్యం. పరిచయమున్న మొహాలు కదా అని చెయ్యూపితే ఊరు దేశమైపోతుంది.

ఇలా ఏడు పెట్టెల్లోంచి సరుకు దించుకుంటే మిగిలేది చిన్న వాక్యం: ‘పోస్యాందుల్లో ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదలను ఇప్పటికన్నా మెరుగ్గా గమనించాలి.’ ఏడు నామవాచకాల్లో రెండే నిలిచాయి. ఒకటి క్రియ అయింది, రెండు కలిసి క్రియావిశేషణం అయ్యాయి, రెండు రాలిపోయాయి.

అన్నిటినీ ఇలా విప్పెయ్యడం కూడా తప్పే. కొన్ని నామవాచకాలు పనులు కావు, పేర్లు. మంత్రిత్వ శాఖ పేరు, పథకం పేరు, చట్టం పేరు నామవాచకాలుగానే ఉండాలి. శిక్షణ, కేటాయింపు, టీకా కార్యక్రమం లాంటివి తెలుగులోనూ పాతుకుపోయిన మాటలే. వాటిని క్రియలుగా విడదీస్తే అనువాదం బడిపిల్లల వాచకంలా తయారవుతుంది. ‘పోస్యాందు’ సంగతీ అంతే. ఊళ్లోని కార్యకర్తలు సాధారణంగా నెలకోసారి తల్లుల్నీ పిల్లల్నీ ఒకచోట చేర్చి, బరువులు తూచి, కార్డుల్లో గుర్తు పెట్టే ఏర్పాటు అది. అంగన్‌వాడీ అని రాసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. కానీ మన అంగన్‌వాడీ రోజూ తెరిచే కేంద్రం, గౌరవ వేతనం అందుకునే టీచరు ఉంటారు. పోస్యాందు పేరు ఉంచేసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో అదేమిటో చెప్పడమే మేలు.

రెండో చిక్కు కర్మణి ప్రయోగం. పై వాక్యంలో దిలకుకన్, దిలపోర్‌కన్, దిగునకన్ అని మూడున్నాయి: చేయబడు, నివేదించబడు, ఉపయోగించబడు. ముందున్న ‘ది’ దాని గుర్తు. తెలుగువాడికి ‘బడు’ కనిపిస్తే అది గుమాస్తా భాష అనిపిస్తుంది. ఇండొనేసియా వాళ్లకు అలా అనిపించదు. కథల్లో, కబుర్లలో, వంట చెప్పేటప్పుడు కూడా ఈ ‘ది’ మామూలుగా దొర్లుతుంది. వాళ్లకు అది వాక్యంలో దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని ముందుకు తెచ్చే సాధనం. నివేదిక గురించి మాట్లాడుతుంటే నివేదిక ముందుకొస్తుంది, రాసినవాడు వెనక్కి తగ్గుతాడు.

తెలుగులో ఆ పనికి ‘బడు’ అక్కర్లేదు. ‘ను’ ఉంది. ‘నివేదికను మంత్రి అధ్యక్షుడికి సమర్పిస్తారు’ అంటే నివేదిక ముందుకు వచ్చింది, మంత్రి వెనక్కి వెళ్లాడు, క్రియ మాత్రం కర్తరిగానే ఉంది. విభక్తి ఉన్న భాషకు మాటల్ని అటూ ఇటూ జరుపుకునే స్వేచ్ఛ ఉంటుంది. ఇంగ్లిషుకు ఆ వెసులుబాటు తక్కువ. అందుకే ఇంగ్లిషు మీదుగా వచ్చిన తెలుగులో ‘సమర్పించబడుతుంది’ ఎక్కువ.

మరి చేసేదెవరో మూలం చెప్పకపోతే? తెలుగు దగ్గర మూడు దారులున్నాయి. ‘రోడ్డు వేశారు’, ‘కరెంటు తీసేశారు’ అన్నప్పుడు ఎవరని ఎవరూ అడగరు, ఆ ‘రు’లోనే ఊరూ పేరూ లేని అధికారులు దాక్కుంటారు. ‘చేయాలి’కి అసలు లింగ వచన పురుషలే లేవు, నేనూ నువ్వూ సర్కారూ అందరం అందులో పడతాం. ఇక వెలువడు, అందు, తేలు, బయటపడు లాంటి క్రియలున్నాయి, వాటికి చేసేవాడే అవసరం లేదు. ‘నిధులు ఆలస్యంగా అందాయి’ అనేది సహజమైన తెలుగు. ‘నిధులు ఆలస్యంగా పంపిణీ చేయబడినవి’ అనేది ఆఫీసు తెలుగు.

ఆఫీసు తెలుగు అన్నాక మన వైపూ ఒకసారి చూసుకోవాలి. ‘బడు’ను తప్పించుకోబోయి చాలామంది అనువాదకులు ‘జరుగుతుంది’లో పడతారు. ‘చర్యలు తీసుకోవడం జరుగుతుంది’, ‘ఇందుమూలముగా తెలియజేయడమైనది’. తెలుగు ప్రభుత్వ ఉత్తర్వులు చదివినవాళ్లకు ఈ పాట కంఠస్థం. ఇండొనేసియా కాగితం ముడిని విప్పి తెలుగు కాగితం ముడి వేస్తే పాఠకుడికి ఒరిగేదేముంది?

రెండు ముళ్లూ ఒకే మాటలో పడ్డ చోటు ఒకటుంది. ఇలాంటి పత్రాల్లో ‘దెంగన్ దితెతప్‌కన్‌న్యా పెరతురన్ ఇని...’ అని వాక్యాలు మొదలవుతుంటాయి. ‘తెతప్’ అంటే స్థిరం. ‘తెతప్‌కన్’ స్థిరపరచు, నిర్ణయించు. ‘ది’ చేరితే నిర్ణయించబడు. చివర ‘న్యా’ తగిలితే ఆ నిర్ణయించబడడం మళ్లీ నామవాచకం అవుతుంది. కర్మణిని చేసి, దాన్ని గడ్డకట్టించి, వాక్యం ముందు పెట్టారు. ‘ఈ నియమావళి నిర్ణయింపబడుటతో’ అని దించితే మాటకు మాట సరిపోతుంది, తెలుగు చచ్చిపోతుంది. ‘ఈ నియమావళి వెలువడడంతో’ అంటే చాలు. దాని వెనకే సాధారణంగా ‘దిహరప్‌కన్... దపత్ దితింగ్‌కత్‌కన్’ వస్తుంది: ‘పెంచబడగలదని ఆశించబడుతున్నది’. ఆశించేవాళ్లెవరో లేదు, పెంచేవాళ్లెవరో లేదు. ‘పెరుగుతుందని ఆశిస్తున్నారు’ అనవచ్చు. అంతకన్నా గట్టిగా మాత్రం అనకూడదు. ‘పెరుగుతుంది’ అని ఊరుకుంటే ఒక ఆశను హామీ చేసేసినట్టు.

ఈ గట్టిదనం విషయంలో ఇండొనేసియా చట్టరచన చాలా పట్టింపుగా ఉంటుంది. చట్టాలు ఎలా తయారు చెయ్యాలో చెప్పే 2011 నాటి 12వ నంబరు చట్టానికి పొడుగాటి అనుబంధం ఉంది. ఏ మాట ఎక్కడ వాడాలో అందులో రాసిపెట్టారు. తప్పించుకోలేని విధి అయితే ‘వాజిబ్’. ఉర్దూ చెవినబడే హైదరాబాదులో ఈ మాట కొత్త కాదు. ఒక షరతు నెరవేరడానికి చెయ్యాల్సినదైతే ‘హరుస్’. అధికారి ఇష్టానికి వదిలేస్తే ‘దపత్’. విధాన పత్రాల్లో ఎక్కువగా కనబడే ‘పెర్లు’కు, అంటే ‘అవసరం’ అన్న మాటకు, ఈ బరువేమీ లేదు. అది సలహా.

తెలుగు ‘చేయాలి’ మాత్రం వాజిబ్‌నూ హరుస్‌నూ పెర్లునూ ఒకే గాటన కట్టేస్తుంది. కర్మణిని విప్పేటప్పుడు ‘చేయాలి’ ఎంత సుఖంగా చేతికందుతుందో అంత ప్రమాదం కూడా. జాగ్రత్త తెలిసిన అనువాదకుడు పని మొదలుపెట్టే ముందే ఒక పట్టిక రాసి గోడకు అంటించుకుంటాడు: వాజిబ్ వచ్చినచోట ‘తప్పనిసరిగా చేయాలి’, హరుస్‌కు ‘చేయాలి’, దపత్‌కు ‘చేయవచ్చు’, పెర్లుకు ‘చేయడం అవసరం’. మూడు వందల పేజీల పత్రంలో ఈ నాలుగూ కలగాపులగం అయితే, ఏది సలహాయో ఏది విధో పాఠకుడికి తెలిసే దారే ఉండదు.

ఇంతకన్నా లోతైన గుంట ఇంకొకటుంది. ‘పెంగవసన్ మస్యరకత్’ అన్న జంట పల్లెపాలన పత్రాల్లో తగులుతుంది. పెంగవసన్ అంటే నిఘా, పర్యవేక్షణ. మస్యరకత్ అంటే ప్రజలు. ప్రజలు చేసే పర్యవేక్షణా, ప్రజల మీద పర్యవేక్షణా? మధ్యలో ‘ఒలెహ్’ అని ఉంటే ప్రజలు చేసేది. ‘తెర్హదప్’ అని ఉంటే ప్రజల మీద చేసేది. రెండూ లేకపోతే వ్యాకరణం చేతులెత్తేస్తుంది. తెలుగులో ‘ప్రజా పర్యవేక్షణ’ అని సమాసం చేసి తప్పుకోవచ్చు, ఆ గందరగోళం భద్రంగా తెలుగులోకి వచ్చేస్తుంది. క్రియగా విప్పబోతేనే ‘ప్రజలు’కా ‘ప్రజలను’కా అన్నది తేల్చక తప్పదు.

తేల్చడానికి నిఘంటువు చాలదు, పత్రం ఆధారపడ్డ చట్టం దగ్గరికి పోవాలి. 2014 నాటి 6వ నంబరు పల్లెల చట్టంలో 68వ నిబంధన ఊరి ప్రజలకున్న హక్కులు చెబుతుంది. గ్రామ ప్రభుత్వాన్ని సమాచారం అడిగే హక్కు, దాని పనుల్ని గమనిస్తూ ఉండే హక్కు అందులో ఉన్నాయి. అక్కడ వాడిన మాట ‘మెంగవసి’: శుద్ధమైన కర్తరి క్రియ, కర్త ప్రజలు. కాబట్టి ఆ చట్టం వెలుగులో రాసిన పత్రంలో ‘పెంగవసన్ మస్యరకత్’ కనబడితే, సందర్భం వేరేలా చెప్పకపోతే, ‘ప్రజలు పర్యవేక్షించడం’ అని ధైర్యంగా రాయవచ్చు.

అదే చట్టంలో 55వ నిబంధన ఇంకో తమాషా. గ్రామ సంప్రదింపుల మండలి చెయ్యాల్సిన పనులు అందులో ఉన్నాయి. మొదటి పనులకు చర్చించు, ఆమోదించు, ప్రజల కోరికలు విను, అందజేయు అని పచ్చి క్రియలు వాడారు. గ్రామ పెద్ద పనితీరు దగ్గరికి వచ్చేసరికి ‘మెలకుకన్ పెంగవసన్’ అయింది. పర్యవేక్షించు అని కాదు, పర్యవేక్షణ చేయు. అర్థంలో తేడా లేదు. తెలుగులో ఐదింటినీ ఒకే తీరు క్రియలుగా పెడితే జాబితా చక్కగా కుదురుతుంది.

అన్నీ విప్పవలసిన ముళ్లే అనుకుంటే మళ్లీ పొరపాటు. కొన్నింటిని కావాలని వేస్తారు. 1966 నుంచి 1998 దాకా సాగిన సుహార్తో పాలనలో మంత్రివర్గాలకే ‘పెంబంగునన్’, అంటే అభివృద్ధి, అని పేరు పెట్టుకున్నారు. పెట్రోలు రేటు పెంచితే ‘పెన్యెసువైయన్ హర్గ’, ధర సర్దుబాటు. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోతే ‘దియమన్‌కన్’, క్షేమపరచబడ్డాడు. ఈ నామవాచకం, ఈ కర్మణి బద్ధకం వల్ల వచ్చినవి కావు. చేసినవాణ్నీ చేసిన పనినీ కనబడకుండా చేసేందుకు ఏరి తెచ్చుకున్నవి. ఇక్కడ ‘ప్రభుత్వం ధర పెంచింది’ అని విప్పితే నిజం బయటపడవచ్చు కానీ పత్రం అలా అనలేదు. తెలుగులో వీటి కవలలు ఎప్పటినుంచో ఉన్నాయి. మనకు బస్సు ఛార్జీలు పెరగవు, ‘ఛార్జీల సవరణ’ జరుగుతుంది. పోలీసులు ‘అదుపులోకి తీసుకుంటారు’. ముసుగుకు ముసుగే సరైన అనువాదం.

ఒక ప్రాంతాన్ని విడగొట్టి కొత్త జిల్లాలు చెయ్యడాన్ని వాళ్లు ‘పెమెకరన్’ అంటారు. ‘మెకర్’ అంటే పువ్వు విచ్చుకోవడం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మన ఉత్తర్వులకు ‘పునర్వ్యవస్థీకరణ’ తప్ప ఇంత అందమైన మాట దొరకలేదు. ఆ అందాన్ని తెలుగులోకి తేవాలన్న సరదాను అనువాదకుడు చంపుకోవాల్సిందే. ‘జిల్లాల వికాసం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు మొదటి వాక్యం దగ్గరికి మళ్లీ పోవచ్చు. మిగిలిన సగంలో ‘యంగ్’ అన్న ముడి ఉంది. ఇండొనేసియా భాషలో అది ముందున్న మాటకు వెనక నుంచి ఎంత పొడుగు వివరణైనా తగిలిస్తుంది. తెలుగులో ఆ వివరణంతా ముందుకు రావాలి, లేదా కొత్త వాక్యం కావాలి. కొత్త వాక్యమే నయం. ‘దలమ్ రంగ్‌క’లోని రంగ్‌క అస్థిపంజరం, చట్రం. అయినా ఆ మాటల జంటకు అర్థం ‘కోసం’, అంతే. ‘పెనురునన్’ను ఇక్కడ తగ్గించడమే అనాలి, ఎందుకంటే వెంటనే చెయ్యాల్సిన పని చెబుతున్నారు.

‘పిల్లలు గిడసబారడాన్ని త్వరగా తగ్గించడానికి, పోస్యాందుల్లో ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదలను ఇప్పటికన్నా మెరుగ్గా గమనించడం అవసరం. అక్కడ తేలిన వివరాలను ఎప్పటికప్పుడు నివేదిస్తారు. గ్రామ ప్రణాళికను, బడ్జెట్‌ను తయారు చేసేటప్పుడు వాటిని పరిగణనలోకి తీసుకుంటారు.’

ఒకటి మూడైంది. పని సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. మూలంలో ‘ది’ ఉన్న క్రియలు ఎన్నో లెక్కపెట్టాలి: మూడు. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో పూర్తి క్రియ దొరకాలి: గమనించడం అవసరం, నివేదిస్తారు, తీసుకుంటారు. తక్కువైతే ఎవరి బాధ్యతో ఎగిరిపోయింది. ఎక్కువైతే మూలంలో లేని పని ఎవరి నెత్తిమీదో పడింది. తరవాత ఆ రంగం తెలియని మనిషికి పైకి చదివి వినిపించాలి. ‘ఎవరు?’, ‘దేన్ని?’ అని ఎక్కడ అడ్డం వస్తే అక్కడ మూలం మళ్లీ చూడాలి.

పై మూడు వాక్యాలు చదివితే అలాంటి వినేవాడు రెండుచోట్ల ఆపుతాడు. ‘ఎవరికి నివేదిస్తారు?’ మూలంలో లేదు. ‘జిల్లా అధికారులకు’ అని చేర్చాలనిపిస్తుంది. కానీ ఎవరికో చెప్పకపోవడం రాసినవాడి మరపు కావచ్చు, ఆరోగ్యశాఖకా గ్రామ ప్రభుత్వానికా అన్నది తేలక వదిలేసిందీ కావచ్చు. రెండోది ‘నివేదిస్తారు’ అన్న క్రియ. అక్కడి చట్ట భాషలో ఉత్త ‘ది’ క్రియ ఒక్కోసారి ఆజ్ఞగా కూడా పనిచేస్తుంది. అంటే అది ‘నివేదించాలి’ కావచ్చు, మొదట్లోని ‘పెర్లు’ ఇక్కడిదాకా సాగితే ‘నివేదించడం అవసరం’ కావచ్చు. చివరి తీసుకుంటారుకూ ఇదే సందేహం వర్తిస్తుంది.

ఇలాంటివి తేలేదాకా అనువాదకుడు వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, అంచున రెండు ప్రశ్నలు రాసి, ప్రతిని పని ఇచ్చినవాళ్లకు తిప్పి పంపుతాడు: ‘దిలపోర్‌కన్: ఎవరికి? విధా, వర్ణనా?’